లెండ అంటే ఏమిటి మాస్టారూ?

పదో తరగతి పిల్లలకు పరీక్షల ముందు ఏటా ఒక పద్యం అల్లి ఇవ్వడం నాకు అలవాటు. పాఠంలోని పద్యం ఇస్తే గైడులోని తాత్పర్యం అక్షరం పొల్లుపోకుండా దింపేస్తారు. శతకంలోది ఇస్తే ఎవరో ఒకరికి నోటికి వచ్చే ఉంటుంది. పరీక్షలో పాఠంలో లేని పద్యం ఇచ్చి ప్రశ్నలు అడిగినప్పుడు పిల్లవాడికి గైడూ ఉండదు, జ్ఞాపకమూ ఉండదు. ఉండేది కాగితం మీది నాలుగు పాదాలే. ఆ నాలుగు పాదాలతో తనంతట తాను తంటాలు పడటం అలవాటు చేయాలంటే ఎక్కడా దొరకని పద్యమే కావాలి. అందుకే నేనే రాస్తాను. కవిత్వం గొప్పగా ఉంటుందని కాదు, గణాలూ యతీ సరిపోతాయి, అంతే.

ఈసారి ఇచ్చిన ఆటవెలది ఇది:

చెరువు లెండఁ జూచి చింతింపఁ డొక రైతు;
అడుగుఁ బట్టి యున్న యడుసుఁ దోడి
బండి కెత్తి తెచ్చి పైరు నేలకుఁ జల్లె;
వాన వచ్చినపుడు వానిదె సిరి.

కాగితాలు పంచి రెండు నిమిషాలు కాలేదు, రెండో బెంచీ అమ్మాయి లేచింది. “మాస్టారూ, లెండ అంటే ఏమిటి?”

అడిగింది ఒక్కతే. మిగతావాళ్లు అడగకుండా ఎవరికి తోచింది వాళ్లు రాసేశారు. ఇంటికి తెచ్చి దిద్దుతుంటే ఒక సంగతి తేలింది. ఈ పద్యంలో పిల్లలకు బొత్తిగా తెలియని మాట ఒక్కటే, అడుసు. మిగతావన్నీ ఇంట్లో రోజూ వినేవే. అయినా ‘చెరువు ఎండను చూసి భయపడలేదు’ అని ఒకరు రాశారు. ‘రైతు అడుగులు వేస్తూ వెళ్లాడు’ అని ఇంకొకరు, ‘తోటి రైతులను బండి ఎక్కించుకున్నాడు’ అని మరొకరు. మాటలు తెలియక పోయిన మార్కులు కావు ఇవి. మాట ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తెలియక పోయినవి.

లెండ అనే మాట తెలుగులో లేదు. అక్కడున్నది ‘చెరువులు ఎండన్’. చెరువులు అన్న మాట చివరి ఉకారం పోయి, ఆ ల్ తర్వాతి మాట మొదటి ఎకారానికి తగులుకుంది. చెరువులు + ఎండ = చెరువులెండ. పిల్లలు బట్టీ పట్టే ఉత్వ సంధి ఇదే. కానీ అచ్చులో పదం మధ్య ఖాళీ ‘చెరువు’ తర్వాత పడింది. పద్యాన్ని అచ్చువేసేటప్పుడు ఆ కొసన మిగిలిన హల్లును రెండో మాటకు అంటించి రాయడం ఆనవాయితీ. అందువల్ల కంటికి ‘చెరువు’ ఒక మాటగా, ‘లెండ’ ఇంకో మాటగా కనిపిస్తాయి. అదే పాదంలో ‘చింతింపఁ డొక’ కూడా అలాంటిదే. చింతింపఁడు + ఒక. ‘డొక’ అనే మాటా లేదు.

కాబట్టి పద్యంలో ఒక మాట వింతగా, ఎప్పుడూ వినని అక్షరంతో మొదలైతే చేయవలసిన మొదటి పని నిఘంటువు వెతకడం కాదు, ఆ మొదటి హల్లును వెనక్కి ఇచ్చి చూడటం. లెండలోని ల్ ని వెనక్కి ఇస్తే ‘చెరువుల్’, ‘ఎండ’ మిగులుతాయి. డొకలోని డ్ ని వెనక్కి ఇస్తే ‘చింతింపఁడ్’, ‘ఒక’. బండి కెత్తిలో క్ ని వెనక్కి ఇస్తే ‘బండిక్’, ‘ఎత్తి’. అంటే బండికి, ఎత్తి. ఇచ్చిన హల్లుకు పోయిన ఉకారమో ఇకారమో తగిలిస్తే రెండు వైపులా మనకు తెలిసిన మాటలే నిలబడతాయి. నిలబడకపోతే వేరే దారి చూడాలి.

యకారం సంగతి ఇంకా తేలిక. ‘యున్న’, ‘యడుసు’ అని రెండో పాదంలో రెండు మాటలున్నాయి. అచ్చ తెలుగు మాటలు యకారంతో మొదలు కావు. యజ్ఞం, యుద్ధం, యాత్ర వంటివి సంస్కృతం నుంచి వచ్చినవి. అందుకని పద్యం మధ్యలో యకారంతో మొదలైన తెలుగు మాట కనిపిస్తే ఆ య్ సంధి జరగని చోట రెండు అచ్చుల మధ్య వచ్చి కూర్చున్న యడాగమం అని అనుమానించవచ్చు. దాన్ని తీసేస్తే ఉన్న, అడుసు. ఒకబ్బాయి ఇంటికెళ్లి నిఘంటువులో యకారం దగ్గర ‘యడుసు’ కోసం వెతికాడట. దొరకలేదని మర్నాడు నామీద ఫిర్యాదు. అకారం దగ్గర చూడరా అన్నాను.

ఇక అరసున్న. ఇవాళ వచనంలో దాన్ని ఎవరూ రాయడం లేదు గనుక పిల్లలకు అది పద్యం మీద పడ్డ మరకలా కనిపిస్తుంది. నిజానికి అర్థం విడదీసేవాడికి అంతకంటే మంచి గుర్తు లేదు. ‘ఎండఁ జూచి’లో అరసున్న అక్కడ ఒక న్ ఉండేదని చెబుతోంది. ఆ న్ ని ద్రుతం అంటాం. ద్రుతం తర్వాత వచ్చిన క చ ట త ప లు గ జ డ ద బ లుగా మారతాయి. దీన్ని వెనక్కి తిప్పితే ఎండన్ + చూచి. ‘అడుగుఁ బట్టి’ని వెనక్కి తిప్పితే అడుగున్ + పట్టి. ‘అడుసుఁ దోడి’ అంటే అడుసున్ + తోడి. ‘నేలకుఁ జల్లె’ అంటే నేలకున్ + చల్లె. చిన్న పద్యంలో నాలుగుసార్లు ఒకటే లెక్క. జూచి, బట్టి, దోడి, జల్లె అని నాలుగు అపరిచితమైన మాటలు చూచి, పట్టి, తోడి, చల్లె అని నాలుగు పరిచయమైన మాటలయ్యాయి.

ఒక్క జాగ్రత్త. ‘చింతింపఁ డొక’లో ఉన్న అరసున్న ఈ బాపతు కాదు. అది ‘వాఁడు’లో ఉన్నట్టు ఆ మాటలోనే పుట్టింది. అక్కడ ‘చింతింపన్ + టొక’ అని విడదీస్తే ఏ మాటా రాదు. ఏ సూత్రమైనా వాడాక మిగిలినవి మాటలేనా అని చూసుకోవాలని నేను విసిగించేది ఇందుకే. పైగా కొన్ని పుస్తకాలు అరసున్నలు వేయకుండానే పద్యాలు అచ్చువేస్తాయి. అప్పుడు జూచి, దోడి వంటి మాటల మొదటి సరళమే మనకు మిగిలే ఆనవాలు.

పాదాన్ని గణాలుగా విరిచి రాసిన కాగితాలు కొన్ని వచ్చాయి. గణ విభజన తప్పు లేదు, భేషుగ్గా చేశారు. ఆటవెలదిలో మొదటి, మూడో పాదాల్లో మూడు సూర్య గణాలూ రెండు ఇంద్ర గణాలూ, రెండో, నాలుగో పాదాల్లో అయిదేసి సూర్య గణాలు ఉంటాయి. మూడో పాదం విరిస్తే బండి, కెత్తి, తెచ్చి, పైరునే, లకుఁజల్లె. వచ్చిన చిక్కల్లా, వాళ్లు ఆ ముక్కలకే అర్థాలు రాయబోయారు. ‘పైరునే’ అంటే ‘పైరును మాత్రమే’ అట! పద్యం రెండు రకాలుగా విరుగుతుంది. చెవి కోసం ఒక చోట, అర్థం కోసం ఇంకో చోట. నాలుగో పాదంలో ‘వచ్చినపుడు’ అనే మాట గణాల దగ్గర ‘వచ్చి’, ‘నపుడు’ అని విరిగితే అర్థం దగ్గర ‘వచ్చిన’, ‘అపుడు’ అని విరుగుతుంది. ఛందస్సు ప్రశ్నకు మొదటిది, ప్రతిపదార్థానికి రెండోది. రెంటినీ ఒకే కాగితం మీద కలిపి పెట్టుకుంటే గందరగోళమే.

మాటలు విడిపోయాక అసలు పని మొదలవుతుంది. ఒక్కో మాటకు నాలుగేసి అర్థాలుంటాయి. వాటిలో ఈ పద్యానికి కావలసింది ఏది? ‘అడుగు’ చూడండి. నడిచేటప్పుడు వేసేదీ అడుగే, గుడ్డ కొలిచేదీ అడుగే, ప్రశ్నించమనడమూ అడుగే, గిన్నె కిందిభాగమూ అడుగే. నానార్థాల ప్రశ్నకు ఇవన్నీ మార్కులు తెచ్చిపెడతాయి గానీ ప్రతిపదార్థంలో ఒక్కటే రాయాలి. దాన్ని పక్క మాటలే చెబుతాయి. అడుగును పట్టి ఉన్నది అడుసు. అడుసు అంటే బురద. చెరువులో బురద పట్టి ఉండేది కిందనే. కనుక ఇక్కడ అడుగు అంటే చెరువు అట్టడుగు. ‘తోడు’ అన్నా అంతే. బావిలో నీళ్లు తోడతాం, ఏట్లో ఇసుక తోడతాం. దాని ఎదురుగా ‘అడుసున్’ అని కర్మ ఉంది గనుక అది తవ్వి పైకి తీయడమే. తోడికోడలిలో ఉన్న తోడి ఇక్కడికి రాదు.

‘ఎండ’ దగ్గర బోల్తాపడని వాళ్లు తక్కువ. ఎండ అనగానే సూర్యుడి ఎండే మనసులో మెదులుతుంది. కానీ ఇక్కడ ‘ఎండు’ అనే క్రియకు అన్ చేరి ఎండన్ అయింది, ఎండిపోతుండగా అని. సూర్యుడి ఎండ అనుకుంటే ‘చెరువులు’ అన్న మాటకు పని లేకుండా పోతుంది. చెరువులు ఎండను చూసినట్టవుతుంది, రైతు ఊసు వేరుగా వేలాడుతుంది. తప్పు అర్థానికి గుర్తు అదే. ఏదో ఒక మాట పని లేకుండా మిగిలిపోతుంది. అలా ఒక్క మాట మిగిలినా మొదటికి వెళ్లి మళ్లీ విడదీయండి.

ఇంకో రెండు మాటలు చెప్పి ముందుకు వెళ్తాను. చింతింపఁడు అంటే విచారించడు. పాత తెలుగులో ఈ వ్యతిరేక క్రియ జరిగినదానికీ జరుగుతున్నదానికీ ఒకే రూపం. అందుకే తర్వాత ‘చల్లె’ అని గడిచిన కాలం వచ్చినా పొసిగింది. భావంలో ‘విచారించలేదు’ అని రాస్తే ఏమీ తప్పు కాదు. సిరి అంటే సంపద. సంస్కృతం నుంచి వచ్చిన శ్రీకి వికృతి. ప్రకృతి వికృతుల ప్రశ్నలో ఈ జంట తరచూ కనిపిస్తుంది. రైతు అన్న మాట మాత్రం అరబ్బీ మూలం నుంచి మనకు వచ్చి స్థిరపడింది. పాత కావ్యాల్లో దాని చోట కర్షకుడు, హాలికుడు, కాఁపు వంటివి కనిపిస్తాయి. ఈ పద్యం పాతది కాదని పట్టేయడానికి ఆ ఒక్క మాట చాలు. అయినా ఒకబ్బాయి ‘వేమన ఈ పద్యంలో...’ అని మొదలుపెట్టాడు. వేమన పద్యాలు ఎక్కువగా ఆటవెలదులన్న మాట నిజమే గానీ ప్రతి ఆటవెలదీ వేమనది కాదు. ప్రశ్నలో కవి పేరు ఇవ్వకపోతే మీరు కల్పించి ఇవ్వకండి.

ఇప్పుడు అన్వయం. పద్యంలో మాటలు యతికీ గణాలకూ లొంగి అటూ ఇటూ జరుగుతాయి. వాటిని మనం మాట్లాడుకునే వరసలో కూర్చడమే అన్వయం. ముందు క్రియలు పట్టుకోవాలి. ఇక్కడ వాక్యాన్ని ముగించే క్రియలు రెండే, చింతింపఁడు, చల్లె. చివరి పాదంలో క్రియే లేదు. ‘వానిదె సిరి’ అనేది క్రియ లేని వాక్యం, ‘ఆ ఇల్లు మాది’ లాంటిది. తోడి, ఎత్తి, తెచ్చి అనేవి చల్లెకు ముందు జరిగిన పనులు. ఎవరు అని అడిగితే మొదటి పాదం చివర దాక్కున్న ‘ఒక రైతు’ దొరుకుతాడు. అతణ్ణి ముందుకు తెచ్చి కూర్చోబెడితే ప్రతిపదార్థం దానంతటదే వరసలో పడుతుంది.

ఒక రైతు = ఒకానొక సేద్యగాడు
చెరువులు = తటాకాలు
ఎండన్ = ఎండిపోతుండగా
చూచి = చూసి
చింతింపఁడు = విచారించడు
అడుగున్ = అడుగు భాగాన్ని
పట్టి ఉన్న = అంటుకొని ఉన్న
అడుసున్ = బురద మట్టిని
తోడి = తవ్వి తీసి
బండికిన్ = బండిలోకి
ఎత్తి = ఎక్కించి
తెచ్చి = తీసుకొచ్చి
పైరు నేలకున్ = పంట వేసే భూమికి
చల్లెన్ = చల్లాడు
వాన = వర్షం
వచ్చిన + అపుడు = వచ్చినప్పుడు
సిరి = సంపద
వానిది + ఎ = అతనిదే

ఎడమ వైపు రాసే మాటకు విభక్తి ఉంటే కుడి వైపు అర్థానికీ ఉండాలి. ‘అడుసున్ = బురద’ అని ఆపేస్తే సగం అర్థమే రాసినట్టు. బురదను, బురద మట్టిని అని ఉండాలి. దిద్దేవాళ్లు ముందు చూసేది ఇదే. ఎడమ వైపు సంధి కలిసిన రూపం పెట్టి ‘యడుసుఁ దోడి = బురద తీసి’ అని రాసినా విడదీయడం రాలేదని తెలిసిపోతుంది. కుడి వైపు పైనుంచి కిందికి ఒకసారి చదివి చూడండి. ‘ఒకానొక సేద్యగాడు తటాకాలు ఎండిపోతుండగా చూసి విచారించడు’ అని వాక్యంలా నడవాలి. నడవకపోతే ఎక్కడో విభక్తి జారిపోయింది.

భావం అంటే ఈ కుడి వైపును మంచి తెలుగులో తిరిగి చెప్పడం. ఇలా రాస్తే సరిపోతుంది: ‘చెరువులు ఎండిపోవడం చూసి ఒక రైతు దిగులు పడలేదు. నీరు ఇంకిపోవడంతో బయటపడిన అడుగు మట్టిని తవ్వి, బండిలో వేసుకొచ్చి తన పొలంలో చల్లాడు. మళ్లీ వాన కురిసినప్పుడు సంపద అతనిదే అయింది.’

ఇందులో పద్యంలో లేని మాట ఒకటి నేనే కలిపాను. ‘నీరు ఇంకిపోవడంతో బయటపడిన’ అన్నది. పద్యం అంత వివరంగా చెప్పలేదు, కానీ చెరువు ఎండటానికీ మట్టి తోడటానికీ మధ్య ఉన్న లంకె అది. అది లేకపోతే రెండు సంగతులు పక్కపక్కన పడి ఉంటాయి. భావంలో ఈ మాత్రం కలపవచ్చు. ఒకమ్మాయి మాత్రం చెరువు మట్టిలోని పోషకాలూ, రసాయన ఎరువుల ఖర్చూ, మిషన్ కాకతీయలో చెరువుల పూడిక తీసినప్పుడు రైతులు ఆ మట్టిని పొలాలకు తోలుకోవడమూ అన్నీ రాసింది. రాసినదంతా నిజమే. చెరువు అడుగున చేరేది వానకు కొట్టుకొచ్చిన సన్నని మట్టి, దాంతోపాటు కుళ్లిన ఆకూ అలమూ. గరప నేలల్లో చల్లితే తేమ నిలుస్తుంది. కానీ అవేవీ పద్యంలో లేవు. పిల్ల తెలివికి మెచ్చుకున్నాను, భావానికి మాత్రం మార్కు తగ్గించాను. దానికి వ్యాసం ప్రశ్న వేరే ఉంటుంది.

మిగిలింది కేంద్ర భావం. అందరికంటే ఎక్కువ మంది తప్పేది ఇక్కడే, అదీ రెండు వైపులకు. కొందరు ‘రైతు చెరువు మట్టి తెచ్చి పొలంలో చల్లాడు’ అని రాశారు. అది జరిగిన కథ. ఇంకొందరు ‘కష్టపడితే ఫలితం దక్కుతుంది’ అని రాశారు. అది విని ఎవరూ కాదనరు, అయితే నీతి పద్యాల్లో సగానికి అతికించవచ్చు. చీమ మీద పద్యానికీ సరిపోతుంది, తేనెటీగ మీద పద్యానికీ సరిపోతుంది. ఎక్కడైనా అతికే చీటీ ఈ పద్యానిది కాదు.

నేను పిల్లల చేత ఒక పరీక్ష చేయిస్తాను. రాసిన కేంద్ర భావాన్ని పక్కన పెట్టుకుని పద్యంలో ఒక్కో పాదాన్ని వేలితో మూసి చూడమంటాను. మొదటి పాదం మూసేస్తే ఏమవుతుంది? ఒక రైతు ఎక్కడినుంచో మట్టి తెచ్చాడు, చల్లాడు, బాగుపడ్డాడు. ‘కష్టపడితే ఫలితం’ అన్నది ఇంకా నిలబడే ఉంది! అంటే ఆ కేంద్ర భావానికి మొదటి పాదంతో పని లేదు. కవి ఒక పాదం మొత్తం ఊరికే ఖర్చు పెట్టడు గదా. చెరువులు ఎండటం, అయినా చింతించకపోవడం ఈ పద్యానికి మూలం. అవి లేని కేంద్ర భావం తప్పు.

ఇంకాస్త లోపలికి వెళ్దాం. చెరువు నిండుగా ఉన్నప్పుడు ఆ మట్టి ఎవరికీ అందదు. ఎండితేనే చేతికి వస్తుంది. అంటే రైతుకు నష్టం తెచ్చిన ఎండే అతనికి దారి కూడా ఇచ్చింది. కష్టం వచ్చినా ధైర్యంగా ఉన్నాడని మాత్రమే పద్యం అనడం లేదు. ఆ కష్టంలోనే, మంచి రోజుల్లో దొరకని ఒక మేలు ఉందని అతను కనిపెట్టాడని అంటోంది. వాన కోసం ఎదురుచూసిన వాళ్లు ఊళ్లో ఇంకా ఉండే ఉంటారు. వాళ్ల మాట పద్యంలో ఎక్కడుంది? చివరి పాదంలోని ఒక్క అచ్చులో ఉంది. ‘వానిది’ అనకుండా ‘వానిదె’ అన్నాడు. ఆ చివరి ఎకారం ‘అతనిదే’ అనే గట్టిమాట. వాన అందరి పొలాల మీదా ఒకేలా పడింది, సిరి మాత్రం అతనిదే. మిగతావాళ్లు చెరువు ఎండిందని విచారిస్తూ కూర్చున్నారని కవి నోరు తెరిచి చెప్పలేదు, ఆ ఎకారంతో చెప్పాడు.

కాబట్టి రెండు వాక్యాల్లో ఇలా: ‘ఆపద వచ్చినప్పుడు విచారిస్తూ కూర్చోకుండా, ఆ ఆపద వల్లనే అందుబాటులోకి వచ్చిన మేలును గుర్తించి వాడుకున్నవాడే మంచి కాలం వచ్చినప్పుడు బాగుపడతాడు. ఎండిన చెరువు మట్టిని పొలానికి చేర్చిన రైతు ద్వారా కవి ఈ మాట చెప్పాడు.’ ఇప్పుడు ఏ పాదం మూసినా ఈ వాక్యాల్లో ఏదో ఒక ముక్క కూలిపోతుంది. మొదటి పాదం మూస్తే ఆపద పోతుంది. రెండూ మూడూ మూస్తే వాడుకోవడం పోతుంది. నాలుగోది మూస్తే బాగుపడటం పోతుంది. ఆ అర్థం ఈ పద్యానిదే అనడానికి అంతకంటే రుజువు అక్కర్లేదు.

ఈ పరీక్ష అన్ని పద్యాలకూ పనిచేయదు. వర్ణన పద్యాల్లో, అంటే వసంతాన్నో నగరాన్నో వర్ణించిన చోట, ఒక పాదం మూసినా పెద్దగా ఏమీ పోదు. అక్కడ అడగవలసింది వేరు. కవి దేన్ని గొప్ప చేసి చూపించాలనుకున్నాడు, ఏ పోలిక తెచ్చాడు అని. కథా కావ్యం నుంచి తీసిన పద్యమైతే ఎవరు, ఎవరితో, ఏ సందర్భంలో అన్నారో తెలియకుండా కేంద్ర భావం దొరకదు. నీతి పద్యానికీ చిన్న కథ చెప్పే పద్యానికీ మాత్రం వేలు పెట్టి మూయడం బాగా పనిచేస్తుంది.

లెండ అంటే ఏమిటని అడిగిన అమ్మాయి ఆ రోజు సగం కాగితం ఖాళీగా ఇచ్చింది. వారం తర్వాత మళ్లీ రాయించాను. ప్రతిపదార్థంలో ‘చెరువులు + ఎండన్’ అని విడదీసి పక్కన పెన్సిలుతో చిన్నగా ‘ఉత్వ సంధి’ అని రాసుకుంది. కేంద్ర భావంలో మాత్రం ఆ ఎకారం సంగతి మరిచిపోయింది. పదికి ఎనిమిది వేశాను. మీ ఇంట్లో పదో తరగతి పిల్లలుంటే ఆ నాలుగు పాదాలు కాగితం మీద రాసిచ్చి, ఈ పత్రిక దాచేసి, ‘అడుగు అంటే ఇక్కడ ఏమిటి’ అని అడిగి చూడండి.